ఏడాది వాడిన ఫిట్‌నెస్ వాచ్ రివ్యూ: నా పీరియడ్స్ ఎందుకు ఆగిపోయాయో ఏ గ్రాఫ్ చెప్పింది

నమస్తే అండీ, బాగున్నారా? ఈ వాచ్‌ని జనవరిలో కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఫ్రీగా పంపారు. డబ్బులు తీసుకోలేదు, ఈ వీడియోని ముందుగా వాళ్లకి చూపించలేదు. స్క్రీన్ సైజు, బ్యాటరీ, వాటర్ రెసిస్టెన్స్ గురించి ఇప్పటికే చాలా వీడియోలు ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. బ్యాటరీ 6 రోజులు వస్తోంది, స్ట్రాప్‌కి చెమట వాసన పట్టడం లేదు. వాటి గురించి ఇంతే.

నేను మాట్లాడాలనుకుంటున్నది ఇందులోని రెండు ఫీచర్ల గురించి. ఒకటి నాకు బాగా చెడు చేసింది. రెండోది అసలు విషయం అర్థం చేసుకోవడానికి సాయపడింది.

ముందు చెడు చేసిన దాని గురించి చెబుతాను. ఇందులో క్యాలరీ టార్గెట్ ఉంటుంది. బరువు తగ్గాలని పెట్టుకుంటే రోజుకి ఎన్ని క్యాలరీలు తినాలో చెబుతుంది. నాకు 1500 అని చెప్పింది. అంతకంటే తక్కువ తిన్న రోజు పచ్చ రింగ్, ఎక్కువ తిన్న రోజు ఎర్ర రింగ్. ఇంతకుముందు నా దగ్గర ఉన్న పాత బ్యాండ్ అడుగులు మాత్రమే లెక్కపెట్టేది. రాత్రికి ఎన్ని నడిచానో చూసుకుని పడుకునేదాన్ని, అంతే. ఈ వాచ్ వచ్చాక ప్రతి ముద్దకీ లెక్క మొదలైంది.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ హాఫ్ మారథాన్ కోసం అప్పుడు ట్రైనింగ్ చేస్తున్నాను. పొద్దున్నే కేబీఆర్ పార్క్ చుట్టూ, ఆదివారాలు నెక్లెస్ రోడ్డు మీద పరుగు. జనవరిలో 58 కిలోలు ఉన్నదాన్ని ఏప్రిల్‌కి 54కి వచ్చాను. నా ఎత్తు 160 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ 21. చార్ట్‌లో చూస్తే అంతా నార్మల్. రెస్టింగ్ హార్ట్ రేట్ 60 నుంచి 46కి పడిపోతే, ఫిట్‌నెస్ పెరిగింది అని యాప్ అభినందించింది. అదే సమయంలో ఏప్రిల్ ఎండల్లో ఆఫీసు ఏసీకి వణికిపోయి శాలువా కప్పుకునేదాన్ని. పండక్కి ఇంటికి వెళితే అమ్మ నన్ను చూడగానే "ఇట్ల ఎండిపోయినవేంది బిడ్డా, అన్నం తింటలేవా?" అంది. అమ్మ చూసింది సరిగ్గానే. నేనే వినలేదు.

ఫిబ్రవరి 20న వచ్చిన పీరియడ్ తర్వాత మళ్లీ డేట్ రాలేదు. మార్చిలో పరుగుల వల్ల అలిసిపోయాను కదా అనుకున్నాను. ఏప్రిల్‌లో ఇంట్లోనే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేశాను, నెగెటివ్. నాతో పాటు పరిగెత్తే ఒకావిడ "ఎక్కువ ట్రైన్ చేస్తే ఆగడం మామూలే" అన్నారు. నిజానికి అది మామూలు కాదు. నెలనెలా వచ్చేది వరుసగా మూడు నెలలు రాకపోతే కారణం వెతకాల్సిందే.

మేలో ఒక డాక్టర్‌గారికి చూపించుకున్నాను. స్కాన్‌లో అండాశయాల్లో అండాలు పెరిగే చిన్న చిన్న సంచులు, అంటే ఫాలికల్స్, చాలా కనిపించాయి. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు, ఇంకో రెండు కిలోలు తగ్గండి అన్నారు. పీరియడ్ రావడానికి ప్రొజెస్టెరాన్ టాబ్లెట్లు ఇచ్చారు. కోర్సు మొత్తం వేసుకున్నాను, బ్లీడింగ్ రాలేదు. ఆ రాకపోవడమే పెద్ద ఆధారమని నాకు తర్వాత తెలిసింది. గర్భాశయం లోపలి పొరని పెంచేది ఈస్ట్రోజెన్ అనే హార్మోన్. ప్రొజెస్టెరాన్ ఇచ్చి ఆపితే పెరిగిన పొర ఊడి బయటికి వస్తుంది. పొరే పెరగకపోతే ఊడిపడేదేముంటుంది? పీసీఓఎస్‌లో సాధారణంగా ఈస్ట్రోజెన్ తగినంత ఉంటుంది కాబట్టి ఎక్కువ మందికి బ్లీడింగ్ వస్తుంది. స్కాన్‌లో ఎక్కువ ఫాలికల్స్ కనిపించడం తిండి చాలని వాళ్లలో కూడా ఉండొచ్చు. అందుకే స్కాన్ ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. తిండి సరిపోక పీరియడ్స్ ఆగినదానికి ఇంకా తగ్గమని సలహా ఇస్తే ఏమవుతుంది?

జూలైలో ఒక ఎండోక్రైనాలజిస్ట్‌ని, అంటే హార్మోన్ల డాక్టర్‌ని, కలిశాను. ఆమె నా చేతికి ఉన్న వాచ్ చూసి, క్యాలరీల చరిత్ర చూపించమని అడిగారు. ఒక కాగితం మీద లెక్క వేశారు. అదే లెక్క మీకు చూపిస్తాను.

ఒంట్లో కొవ్వు తీసేస్తే మిగిలే బరువు నాకు సుమారు 40 కిలోలు. తింటున్నది 1500 క్యాలరీలు. పరుగులో ఖర్చవుతున్నది రోజుకి సగటున 500. మిగిలేది 1000. దాన్ని 40తో భాగిస్తే 25. గుండె కొట్టుకోవడానికి, ఒళ్లు వెచ్చగా ఉండటానికి, ఎముకలకి, అండాశయాలకి, అన్నిటికీ కలిపి కిలోకి 25 క్యాలరీలే. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లకి దాదాపు 45 కావాలి. దీన్ని ఎనర్జీ అవైలబిలిటీ అంటారు.

ఈ అంకెల వెనక ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలున్నాయి. నెలనెలా పీరియడ్స్ సరిగ్గా వచ్చే ఆడవాళ్లకి అయిదు రోజుల పాటు లెక్కపెట్టిన తిండి, లెక్కపెట్టిన వ్యాయామం ఇచ్చి రక్తంలో అండం విడుదలకి కావాల్సిన ఎల్‌హెచ్ హార్మోన్‌ని కొలిచారు. 2003లో వచ్చిన ఫలితం ప్రకారం 30 కంటే కిందికి పడితే ఆ హార్మోన్ విడుదలయ్యే లయ నెమ్మదిస్తుంది. కేవలం అయిదు రోజుల్లోనే. అంతకంటే ముఖ్యమైనది 1998లో ఆమె చూపించిన విషయం. వ్యాయామం చేసినా ఖర్చయిన దానికి సరిపడా తింటే ఆ లయకి ఏమీ కాలేదు. అంటే తప్పు పరుగుది కాదు, ఖాళీ కడుపుది. అయితే 30 అనేది లక్ష్మణ రేఖ కాదు. కొందరికి అంతకంటే పైనే ఆగిపోతాయి, కొందరికి కింద ఉన్నా వస్తూనే ఉంటాయి.

అసలు తిండికీ అండం విడుదలకీ సంబంధం ఏమిటి? మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం ఉంటుంది. పీరియడ్ అయ్యాక అండం పెరిగే రోజుల్లో అది గంట, గంటన్నరకి ఒకసారి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని కొద్దికొద్దిగా వదులుతుంది. పిట్యూటరీ గ్రంథి దానికి స్పందించి ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్లని పంపుతుంది. వాటివల్లే అండాశయంలో ఫాలికల్ పెరుగుతుంది. లోపలికి వచ్చే శక్తి తగ్గితే కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది. బరువు పెద్దగా తగ్గకముందే, రోజుల్లోనే పడిపోతుంది. ఆ సమాచారం అందగానే హైపోథలామస్ తన లయ నెమ్మదింపజేస్తుంది. ఫాలికల్ పూర్తిగా పెరగదు, ఈస్ట్రోజెన్ తగినంత తయారవదు, అండం విడుదల కాదు. కరువు రోజుల్లో గర్భం వద్దని ఒళ్లు తీసుకునే జాగ్రత్త ఇది. యంత్రం చెడిపోలేదు, ఆపి ఉంచారు. నా గుండె నెమ్మదించడం, చలి వేయడం కూడా ఆ పొదుపులో భాగమే.

నా రిపోర్టుల్లో ఎల్‌హెచ్, ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకమైన ఈస్ట్రడయాల్ రెండూ తక్కువ. థైరాయిడ్, ప్రొలాక్టిన్ మామూలుగానే ఉన్నాయి. వేరే కారణాలు లేవని తేలాకే ఇది తిండి వల్ల అని చెప్పగలరు. ఈస్ట్రోజెన్ లేకపోతే ఎముకలు పలచబడతాయి కాబట్టి ఆరు నెలలు దాటాక డెక్సా స్కాన్ చేయించారు. వెన్నెముకలో సాంద్రత నా వయసుకి తక్కువ వైపే ఉంది.

గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే పీరియడ్స్ వచ్చేస్తాయి కదా అని అడిగాను. అది మాత్ర ఆపితే వచ్చే బ్లీడింగ్ మాత్రమే, లోపల ఏమీ తిరిగి మొదలైనట్టు కాదు అన్నారు. ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాలు కూడా పీరియడ్స్ తెప్పించడం కోసమే వాటిని వాడొద్దంటాయి. ఎముకలకి సాయం కావాల్సిన వాళ్లకి వేరే పద్ధతులున్నాయి, అవి డాక్టర్ నిర్ణయించాలి.

ఆ రోజే క్యాలరీ టార్గెట్ తీసేశాను. పరుగుని వారానికి రెండు రోజులకి తగ్గించాను, హాఫ్ మారథాన్ రిజిస్ట్రేషన్ వదులుకున్నాను. ఏడ్చాను కూడా. లెక్క ప్రకారం 40 కిలోలకి 45 చొప్పున 1800, పరుగు ఖర్చు సగటున ఇంకో 150. అంటే రోజుకి 1950 దాకా. కాగితం మీద చిన్న మార్పు, ప్లేట్‌లో మాత్రం పెద్దది. పొద్దున పరుగుకి ముందు అరటిపండు, వచ్చిన వెంటనే పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి, సాయంత్రం పల్లీ పట్టీ, రాత్రి పెరుగన్నం. ఎక్కువ సలాడ్ తింటే కడుపు నిండిపోయి క్యాలరీలు సరిపోవడం లేదని కూడా అప్పుడే తెలిసింది.

ఇక రెండో ఫీచర్‌కి వస్తాను. ఈ వాచ్ నిద్రలో మణికట్టు దగ్గర ఉష్ణోగ్రత కొలుస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ వల్ల ఒంటి వేడి కొద్దిగా, అంటే 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగి, పీరియడ్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. మార్చి నుంచి నా గ్రాఫ్ గీత గీసినట్టు చదునుగా ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే ఫిబ్రవరిలో కూడా పెరిగిన రోజులు ఆరే ఉన్నాయి. అంటే పీరియడ్ పూర్తిగా ఆగకముందే అండం విడుదలైన తర్వాతి దశ కుంచించుకుపోయింది. డేట్ వచ్చింది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను.

కానీ యాప్ ఏం చేసిందో చూడండి. ఈ గ్రాఫ్ దాని దగ్గరే ఉంది. అయినా "పీరియడ్ 1 రోజు ఆలస్యం", "2 రోజులు ఆలస్యం" అని రోజూ తేదీని ముందుకి జరుపుతూ పోయింది. 90 రోజులు దాటినా డాక్టర్‌ని కలవండి అనలేదు. పైగా పక్క స్క్రీన్‌లో పచ్చ రింగులు. ఒకే వాచ్‌లో రెండు విభాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడం క్షమించలేని లోపం. కంపెనీకి ఇదే రాశాను, ఇంకా మార్చలేదు.

తిండి పెంచాక మూడున్నర కిలోలు పెరిగాను. వారాలు గడిచినా గ్రాఫ్ కదలలేదు. డిసెంబరు మొదటి వారంలో ఒక రాత్రి గీత పైకి లేచింది, మర్నాడూ అక్కడే ఉంది. సరిగ్గా 13 రోజులకి పీరియడ్ వచ్చింది. అండం ముందు, బ్లీడింగ్ తర్వాత. కాబట్టి పీరియడ్ రాలేదు కదా గర్భం రాదు అనుకోకండి, ఆ మొదటి అండంతోనే రావచ్చు.

కొనాలా అంటే, ఉష్ణోగ్రత గ్రాఫ్ కోసం కొనండి. మణికట్టు వేడి కచ్చితమైన పరీక్ష కాదు, జ్వరం వచ్చినా, సరిగ్గా నిద్రపోకపోయినా గీత మారుతుంది. అయినా నెలల తరబడి చదునుగా ఉంటే నమ్మండి. క్యాలరీ టార్గెట్‌ని మాత్రం మొదటి రోజే ఆఫ్ చేయండి. సెట్టింగ్స్‌లో "లక్ష్యాలు"లోకి వెళితే ఉంటుంది. ఇప్పుడే చూపిస్తున్నాను, స్క్రీన్ చూడండి.