సింగ్ దారి వేరు, క్లింగ్ దారి వేరు

అందరికీ నమస్కారం.

చిన్నప్పుడు మా చేతికి ఒక పట్టిక ఇచ్చారు. వీ వన్, వీ టూ, వీ త్రీ అని మూడు నిలువు వరుసలు, అక్షరక్రమంలో క్రియలు. రోజుకు పది చొప్పున బట్టీ పట్టి అప్పజెప్పాలి. ఆ పట్టికలో ‘బిగిన్’ మొదటి పేజీలో, ‘స్విమ్’ చివరి పేజీలో ఉండేవి. బిగిన్–బిగ్యాన్–బిగన్, స్విమ్–స్వ్యామ్–స్వమ్. ఇవి రెండూ అచ్చంగా ఒకే తీరున మారతాయని నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. తప్పు నాది కాదు, అక్షరక్రమానిది. నిఘంటువులో వెతుక్కోవడానికి పనికొచ్చే క్రమం అది. చెవితో పట్టుకోవాల్సిన విషయానికి పనికిరాదు.

కాబట్టి ఈ రోజు అచ్చు మారే తీరును బట్టి క్రియలను సర్దుదాం. అన్నీ కాదు. సింగ్ గుంపును కాస్త లోతుగా చూసి, చివర్లో అసలు మారని వాటి దగ్గరికి వెళదాం.

సింగ్–స్యాంగ్–సంగ్. హల్లులు కదలలేదు. మధ్యలో ఉన్న అచ్చు ఒక్కటే ‘ఇ’ నుంచి ‘యా’కు, అక్కడి నుంచి ‘అ’కు జరిగింది. మనకూ క్రియలో అచ్చు మారుతుంది కదా అని మీరు అడగవచ్చు. చదువు, చదివాడు. కలుపు, కలిపాడు. మధ్యలోని ‘ఉ’ కాస్తా ‘ఇ’ అయింది. కానీ మనకు కాలం చెప్పే పని ఆ మార్పు ఒక్కదానిదే కాదు, వెనకాల ‘ఆడు’ ఉంది. ఇంగ్లిష్‌లో స్యాంగ్ వెనకాల ఏమీ లేదు. మొత్తం బరువు ఆ ఒక్క అచ్చు మీదే. అందుకే అది సరిగ్గా పలక్కపోతే వాక్యం కాలమే తారుమారవుతుంది.

ఈ మూడు మెట్ల గుంపు ఎంత పెద్దది? చాలా చిన్నది. సింగ్, రింగ్, స్ప్రింగ్, డ్రింక్, సింక్, ష్రింక్, స్టింక్, స్విమ్, బిగిన్. నిత్యం వాడేవి ఈ తొమ్మిదే. వీటికి పక్కింటి చుట్టంలా రన్ ఒకటి. దాని మొదటి రూపం వేరు, ర్యాన్–రన్ దగ్గర మాత్రం కలుస్తుంది. వీటి చివరలు గమనించండి. అన్నీ ముక్కుతో పలికేవే: ‘ంగ్’, ‘ంక్’, ‘మ్’, ‘న్’.

మరి క్లింగ్ కూడా అలాగే ముగుస్తుంది కదా? దానికి క్ల్యాంగ్ అనాలి కదా? అనరు. క్లింగ్–క్లంగ్–క్లంగ్. స్వింగ్–స్వంగ్, స్టింగ్–స్టంగ్, ఫ్లింగ్–ఫ్లంగ్, స్పిన్–స్పన్, విన్–వన్. వీటికి రెండే మెట్లు. వీ టూకీ వీ త్రీకీ ఒకే రూపం.

ఎందుకిలా రెండుగా చీలాయి? జవాబు సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఉంది. అప్పట్లో సింగ్‌కు భూతకాలంలోనే రెండు అచ్చులుండేవి. ‘నేను పాడాను’ అంటే ‘ఆ’ లాంటి అచ్చు, ‘మేము పాడాం’ అంటే ‘ఉ’. ఏకవచనానికి ఒకటి, బహువచనానికి ఒకటి. వీ త్రీకి కూడా ‘ఉ’నే. ఈనాడు సంగ్ అని ‘అ’గా వినిపిస్తున్నా, రాతలో యు అక్షరం మిగిలిపోయింది అందుకే.

తర్వాతి శతాబ్దాల్లో ఏకవచనం, బహువచనం తేడా భూతకాల క్రియల్లో చెరిగిపోయింది. రెండు రూపాల్లో ఒకటి పోవాలి. సింగ్, డ్రింక్ వంటివి ఏకవచన రూపాన్ని నిలుపుకున్నాయి, అందుకే మూడు మెట్లు మిగిలాయి. స్పిన్, విన్ వంటి వాటిలో ‘ఉ’ గెలిచింది. వీ త్రీలో ఎలాగూ అదే ఉంది కాబట్టి రెండూ కలిసిపోయాయి. ఆ పాత తేడాను నేటికీ వదలని క్రియ ఒకే ఒక్కటి ఉంది. మీరు రోజూ వాడుతున్నదే: ఐ వాజ్, వుయ్ వర్.

రెండు మెట్ల గుంపుకు ఇంకో గుణం ఉంది, అది కొత్తవాళ్లను చేర్చుకుంటుంది. డిగ్–డగ్ అసలు ఈ ఇంటిది కాదు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్‌లో ‘డిగ్డ్’ అనే ఉంటుంది. స్టిక్–స్టక్ కూడా ఇలాగే వచ్చి చేరింది. ఈ రెండూ ముక్కుతో ముగియవు కూడా. ‘ఇ’ పక్కన నాలుక వెనక భాగంతో పలికే హల్లు ఉంటే చాలన్నట్టు గుంపు తలుపు తీసింది.

ఇక వాడకంలో జరిగే పొరపాటు. ‘హి డ్రంక్ ది మిల్క్’ అని రాస్తారు. మూడు మెట్ల క్రియకు రెండు మెట్ల లెక్క వేశారన్నమాట. సరిచూసుకోవడం తేలిక. క్రియ ముందు హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ ఉన్నాయా? లేదంటే ఈజ్, వాజ్ లాంటి మాట ఉందా? ఉంటే ‘అ’ రూపం: హి హ్యాజ్ డ్రంక్, ది సాంగ్ వాజ్ సంగ్. ఏదీ లేకుండా క్రియ ఒంటరిగా భూతకాలం చెబుతుంటే ‘యా’ రూపం: హి డ్ర్యాంక్, షి స్యాంగ్. డిడ్ వచ్చిందంటే మాత్రం రెండూ పనికిరావు, డిడ్ హి సింగ్ అనాల్సిందే. ష్రింక్, స్ప్రింగ్ విషయంలో అమెరికన్లు ష్రంక్, స్ప్రంగ్ అని ఒంటరిగా కూడా వాడతారు, నిఘంటువులు ఒప్పుకుంటాయి. డ్రంక్‌ను అలా ఒప్పుకోరు.

ఈ తీరు నమ్మి అన్నిటికీ అంటగట్టకండి. బ్రింగ్‌కు బ్రాట్, థింక్‌కు థాట్. అవి వేరే ఇంటివి. లింక్, బ్లింక్, వింక్ చక్కగా ‘ఈడీ’ చేర్చుకుంటాయి. ఇంగ్లిష్ మాతృభాషగా గల పసిపిల్లలు కూడా ‘బ్ర్యాంగ్’ అంటుంటారు. తప్పే, కానీ ఎంత తెలివైన తప్పో చూడండి! ఎవరూ నేర్పకుండానే సింగ్ గుంపును వాళ్ల చెవి పట్టేసింది.

ఇప్పుడు మారని వాళ్లు. పుట్, కట్, హిట్, లెట్, సెట్, షట్, హర్ట్, కాస్ట్, స్ప్లిట్, స్ప్రెడ్, షెడ్. చివర చూడండి, అన్నీ ‘ట్’ లేదా ‘డ్’. ఇది కాకతాళీయం కాదు. సెట్‌నే తీసుకుందాం. పాత ఇంగ్లిష్‌లో దాని భూతకాలం ‘సెట్టె’. అంటే ఒకప్పుడు ప్రత్యయం ఉంది. కానీ క్రియ చివరి ‘ట్’లో ప్రత్యయం హల్లు కలిసిపోయింది, ఆ తర్వాత చివరి ‘ఎ’ కూడా రాలిపోయింది. మిగిలింది సెట్. మారలేదని మనం అంటున్నది నిజానికి మారి, ఆ గుర్తు అరిగిపోయిన రూపం. ఆ గుంపు స్థిరపడ్డాక లెట్, బర్స్ట్ లాంటివి తమ పాత అచ్చు మార్పును వదులుకుని ఇందులో చేరాయి. అలాగని ‘ట్’, ‘డ్’తో ముగిసే ప్రతిదీ ఇందులో లేదు. వెయిట్, వాంట్, నీడ్ మామూలుగా ‘ఈడీ’ తీసుకుంటాయి.

వీటిలో కాలం ఎలా తెలుస్తుంది? ‘దే కట్ ది ట్రీస్’ అంటే నరుకుతారా, నరికారా? ఆ వాక్యంలో తెలియదు, ఎస్టర్డే లాంటి మాట కావాలి. ‘హి కట్ ది ట్రీ’ అంటే మాత్రం తెలిసిపోతుంది. వర్తమానమైతే హి కట్స్ అనాలి కాబట్టి, ‘స్’ లేకపోవడమే ఇక్కడ భూతకాలపు గుర్తు.

చివరగా ఒక చిన్న దొంగను పట్టుకుందాం. చాలా పట్టికల్లో రీడ్‌ను పుట్, కట్ పక్కన పెడతారు, మూడు వరుసల్లోనూ ఒకే స్పెల్లింగ్ కనిపిస్తుంది కాబట్టి. కానీ పైకి చదివి చూడండి: రీడ్–రెడ్–రెడ్. అచ్చు మారింది. దాని చోటు లీడ్–లెడ్, ఫీడ్–ఫెడ్ పక్కన.