చక్కెరకు ప్రొటీన్ తోడెందుకు? ఒక పెంటావాలెంట్ వయల్ మీద చర్చ

యాంకర్: నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క వయల్ గురించి మాట్లాడుకుందాం. పెంటావాలెంట్ అంటే 6, 10, 14 వారాల వయసులో పిల్లల తొడలో అర మిల్లీలీటరు వేసే టీకా, ఒకే సూదితో ఐదు జబ్బుల నుంచి కాపాడుతుంది. ఇందులో హిబ్ బ్యాక్టీరియా పైపొర మీది చక్కెరను చాలాసార్లు ధనుర్వాతం టాక్సాయిడ్‌కి, అంటే విషగుణం తీసేసిన ధనుర్వాతం ప్రొటీన్‌కి, అతికించి పెడతారు. మేడమ్, చక్కెర ఒక్కటే ఇస్తే సరిపోదా?

ఇమ్యునాలజీ లెక్చరర్: అమెరికాలో 1985లో ఇచ్చి చూశారండీ, ఉత్త చక్కెరతో చేసిన టీకా. ఏడాదిన్నర లోపు పిల్లల్లో దాదాపు పనిచేయలేదు. హిబ్ వల్ల వచ్చే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, ఎక్కువగా వచ్చేది ఆ వయసులోనే. 1987లో ప్రొటీన్‌కి అతికించినది వచ్చింది, 1990 నాటికి రెండు నెలల పిల్లలకూ ఇవ్వడం మొదలైంది.

యాంకర్: అతికిస్తే ఏం మారింది?

లెక్చరర్: ముందు పెన్సిలిన్ సంగతి చెప్తాను, అప్పుడు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెన్సిలిన్ చాలా చిన్న అణువు, ఒంటరిగా ఉంటే మన రక్షణ వ్యవస్థ దాన్ని పట్టించుకోదు. కానీ దాని బీటా-లాక్టమ్ వలయం తెరుచుకుని, మన ఒంట్లోని ప్రొటీన్ల మీద లైసిన్ ఉన్న చోట అతుక్కుంటుంది. అలా అతుక్కున్నాకే కొందరిలో యాంటీబాడీలు పుట్టి అలర్జీ వస్తుంది. ఒంటరిగా యాంటీబాడీని పుట్టించలేదు, కానీ పుట్టిన యాంటీబాడీకి మాత్రం చక్కగా దొరుకుతుంది. ఇలాంటి చిన్న అణువునే హాప్టెన్ అంటాం. కార్ల్ లాండ్‌స్టైనర్ చిన్న చిన్న రసాయనాలను ప్రొటీన్లకు అతికించి ఈ విషయాన్ని నిరూపించాడు.

పిల్లల డాక్టర్: తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది ఇదే, "అంత చిన్న మాత్రకి ఒంటి నిండా దద్దుర్లేమిటండీ" అని. అంటే దద్దుర్లకు కారణం మాత్ర ఒక్కటే కాదు, అది అతుక్కున్న మన ప్రొటీన్ కూడానన్నమాట.

యాంకర్: మరి ఎపిటోప్ ఎక్కడ వస్తుంది?

లెక్చరర్: యాంటీబాడీ అణువు మొత్తాన్ని పట్టుకోదు, ఒక చిన్న మూలను పట్టుకుంటుంది. ఆ మూలే ఎపిటోప్. యాంటీబాడీలు తయారుచేసే బి-కణం హిబ్ చక్కెర మూలను పట్టుకుని, దానికి అతుక్కున్న ప్రొటీన్‌తో సహా లోపలికి మింగేస్తుంది. లోపల ప్రొటీన్‌ని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని టి-కణానికి చూపిస్తుంది. టి-కణం వాటిని గుర్తుపడితే బి-కణానికి సాయం చేస్తుంది. ఆ సాయంతోనే మంచి యాంటీబాడీలు, జ్ఞాపకం ఏర్పడతాయి. ఉత్త చక్కెరలో చూపించడానికి ప్రొటీన్ ముక్కే ఉండదు కదా. అందుకే రెండింటినీ ఒకే సీసాలో కలిపితే చాలదు, రసాయన బంధంతో అతికించాలి. అయితే హిబ్ చక్కెరని హాప్టెన్ అనకూడదండీ, అది పెద్ద అణువు, పెద్దవాళ్లలో ఒంటరిగా కూడా కొంత స్పందన తెస్తుంది. సమస్యంతా పసిపిల్లలతోనే.

యాంకర్: మరి ఈ టీకాలో కలిపే అల్యూమినియం లవణం? అది కూడా ఇలా అతికించేదేనా?

లెక్చరర్: కాదు, చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. అతికించిన ప్రొటీన్ టి-కణానికి చూపించే ముక్కను ఇస్తుంది. ఆ అల్యూమినియం లవణం అడ్జువెంట్, అంటే స్పందనను పెంచడానికి కలిపేది. అది మాత్రం "ఇక్కడేదో ప్రమాదం ఉంది" అని కబురు పంపుతుంది, అప్పుడు కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు వచ్చి యాంటిజెన్‌ని, అంటే టీకాలోని అసలు సరుకుని, తీసుకుని లింఫ్ గ్రంథికి వెళ్తాయి. 1926లో గ్లెన్నీ అనే శాస్త్రవేత్త బృందం డిఫ్తీరియా టాక్సాయిడ్‌ని ఆలం అనే అల్యూమినియం లవణంతో ఇచ్చి బలమైన స్పందన చూసింది. ఆలం మందుని అక్కడే నిల్వ ఉంచి మెల్లగా వదులుతుందని చాలాకాలం నమ్మారు. కానీ ఎలుకల్లో సూది వేసిన చోటును కొన్ని గంటలకే కోసి తీసేసినా స్పందన తగ్గలేదు. ఒక పరిమితి కూడా చెప్పాలి. ఆలం యాంటీబాడీలను బాగా పెంచుతుంది, వైరస్ సోకిన కణాలను చంపే టి-కణాలను మాత్రం అంతగా పెంచదు.

ఫార్మసిస్ట్: నేనొక మాట చెప్పాలండీ, పదిహేనేళ్లుగా వ్యాక్సిన్ స్టోర్ చూస్తున్నాను. జనం వేడికి భయపడతారు గానీ ఆలం ఉన్న టీకాకు గడ్డకట్టడమే పెద్ద దెబ్బ. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే ఆలం జెల్ విరిగి గడ్డలుగా మారుతుంది, కరిగించినా మళ్లీ మునుపటిలా అవ్వదు. సీసా మీద ఉండే వీవీఎం అనే గుర్తు రంగు వేడినే చూపిస్తుంది, చలిని చూపించదు. ఒకచోట డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకుల్ని నేరుగా టీకాలు మోసుకెళ్లే క్యారియర్‌లో పెట్టేశారు. ప్యాక్‌ని బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగాలి. ఆ రోజు అలా ఆగలేదు.

పిల్లల డాక్టర్: మరి పాడైందని ఎలా తెలుస్తుంది?

ఫార్మసిస్ట్: అదే కంపెనీ, అదే బ్యాచ్ వయల్ ఒకటి తీసుకుని కావాలనే రాత్రంతా గడ్డకట్టించి, "వాడకూడదు" అని రాసి కరిగించుకోవాలి. అనుమానం ఉన్న వయల్‌ని, దీన్ని పక్కపక్కన పట్టుకుని ఒకేసారి ఊపి బల్ల మీద పెట్టి అరగంట దాకా చూడాలి. మంచిదైతే మబ్బుగా ఉంటూ మెల్లగా దిగుతుంది. అనుమానం ఉన్నది కూడా గడ్డకట్టించినదానంత వేగంగా అడుగుకు చేరితే దాన్ని ఏ బిడ్డకీ వేయకూడదు, పక్కన పెట్టేయాలి. అదే డబ్బాలో ప్రయాణించిన మిగతా వయల్స్‌నీ అప్పుడే చూసుకోవాలి.