48 వోల్టుల లిథియం బ్యాంకుకు ఫ్యూజు, బ్రేకర్, బస్‌బార్: అనంతపురంలోని ఒక ఇంటి లెక్క

నమస్కారం. ఇప్పుడు మీకు తెరపై కనిపిస్తున్నది అనంతపురంలో ఒక డాబా ఇంటి మెట్ల కింద గోడకు బిగించిన బ్యాటరీ వైపు ప్యానెల్. ఐదు కిలోవాట్ల ఇన్వర్టరుకు 51.2 వోల్టులు, వంద ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకులు రెండింటిని సమాంతరంగా కలిపారు. బ్యాటరీకీ ఇన్వర్టరుకూ మధ్యనున్న ఈ మూడడుగుల భాగం గురించే ఈ వీడియోలో మాట్లాడుకుందాం.

ముందు కరెంటు లెక్క చూద్దాం. చాలామంది 5000ను 51.2తో భాగించి 98 ఆంపియర్లు అంటారు. అయితే బ్యాటరీ దిగిపోయేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది, అదే లోడుకు కరెంటు పెరుగుతుంది. అందుచేత ఇన్వర్టరు కట్ అయ్యే 48 వోల్టుల దగ్గరే, ఇన్వర్టరు సామర్థ్యం 90 శాతంగా తీసుకుని లెక్క కట్టి, వచ్చినదానికి 25 శాతం అదనంగా కలపాలి.

```
5000 ÷ (48 × 0.9) ≈ 116 A
116 × 1.25 = 145 A
```

145కు పైన మార్కెట్లో దొరికే సైజుల్లో 160 ఒకటి కాబట్టి, ఇక్కడ మెయిన్ ఫ్యూజు 160 ఆంపియర్లది పెట్టాం. ఫ్యూజు కాపాడేది కేబులును. కనుక మన ఎండల్లో పెట్టె లోపల యాభై డిగ్రీలు దాటినా 160 ఆంపియర్లు మోయగలిగేలా, మెయిన్ కేబులు 70 చదరపు మిల్లీమీటర్ల రాగిది తీసుకున్నాం.

ఆంపియర్లు సరిపోయినంత మాత్రాన ఫ్యూజు సరైనదని కాదు. ఈ ప్యాకులో సెల్లులు, పట్టీలు, కేబుళ్లు కలిపి నిరోధం పది మిల్లీఓముల దగ్గర ఉంటుందనుకుంటే, షార్టు పడ్డప్పుడు ఒక్కో ప్యాకు నుంచి సుమారు ఐదు వేల ఆంపియర్లు, రెండూ కలిసి పది వేల ఆంపియర్లు వస్తాయి. నిండా చార్జి అయిన బ్యాంకు వోల్టేజి 58.4 వరకు వెళ్తుంది. కారు ఆడియో సామాన్లలో దొరికే 32 వోల్టుల ఫ్యూజు ఇక్కడ తెగినా, తెగినచోట గాలిలో మండే విద్యుత్ మంట, అంటే ఆర్క్, ఆరకపోవచ్చు. కాబట్టి ఫ్యూజు ఒంటిమీద డీసీ వోల్టేజి, డీసీలో ఎన్ని కిలో ఆంపియర్లు తెంపగలదో రెండూ రాసి ఉన్నాయా అని చూడండి. ఏసీ అంకె ఒక్కటే ఉంటే ఆ ఫ్యూజును పక్కన పెట్టండి.

మెయిన్ ఫ్యూజుతో పాటు ప్రతి ప్యాకుకూ, దాని పాజిటివ్ టెర్మినలుకు జానెడు లోపే, 125 ఆంపియర్ల ఫ్యూజు విడిగా ఉంది. ఒక ప్యాకు కేబులు షార్టయితే రెండో ప్యాకు ఆ షార్టులోకి కరెంటు తోస్తుంది. ఆ దారిలో మెయిన్ ఫ్యూజు లేదు. ప్యాకు లోపల కాపలా కాసే సర్క్యూటు, బీఎంఎస్ ఉంది కదా అంటారు గానీ, అందులో స్విచ్‌లుగా పనిచేసే మాస్‌ఫెట్లు పాడైనప్పుడు అతుక్కుపోయి ఆన్‌లోనే ఉండిపోవడం సాధారణమే.

ఇక బ్రేకర్. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాను దాటుతుంది గనుక ఆర్క్ ఆరిపోతుంది. డీసీకి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఇంటి ఏసీ ఎంసీబీని ఇక్కడ వాడకూడదు. సోలార్ ప్యానెళ్ల కోసం అమ్మే డీసీ ఎంసీబీల్లోనూ ఒక చిక్కుంది. వాటిలో కొన్నింటిపై ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. అవి కరెంటు ఒకే దిశలో పారుతుందన్న లెక్కతో, అయస్కాంతం సాయంతో ఆర్క్‌ను ఆర్పే గదిలోకి నెట్టేలా తయారైనవి. బ్యాటరీలో పగలు చార్జింగు ఒక దిశలో, రాత్రి వాడకం మరో దిశలో పారుతుంది కాబట్టి, ఎదురు దిశలో తెంపాల్సి వచ్చినప్పుడు ఆర్క్ తప్పుడు వైపుకు వెళ్లి బ్రేకరే కాలిపోవచ్చు. పోలారిటీ గుర్తు లేని డీసీ బ్రేకరే అడగండి.

రేటింగు విషయానికొస్తే, 116 ఆంపియర్లకు 125 చాలనిపిస్తుంది. కానీ వేడికి ట్రిప్పయ్యే థర్మల్ బ్రేకరు రేటింగు తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతకే, సాధారణంగా 30 లేదా 40 డిగ్రీలకే, వర్తిస్తుంది. మే నెలలో వేడెక్కిన పెట్టెలో అది అంతకన్నా తక్కువ కరెంటుకే ట్రిప్పవుతుంది. ఈ ఇంట్లో 160 ఆంపియర్ల డీసీ ఎంసీసీబీ అనే పెద్ద బ్రేకరు పెట్టడానికి కారణం అదే. రోజువారీ ఆన్, ఆఫ్‌లకు బ్రేకరు. భారీ షార్టును తెంపే పని ఫ్యూజుది.

కేబుళ్లన్నీ వచ్చి కలిసే బస్‌బార్లు 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం గల రాగి పట్టీలు. రెండు ప్యాకులూ కరెంటును సమానంగా పంచుకోవాలని, ఇన్వర్టరు పాజిటివ్ కేబులును పట్టీ పై చివర నుంచి, నెగెటివ్‌ను రెండో పట్టీ కింది చివర నుంచి తీశాం. నిజానికి పట్టీలో నిరోధం చాలా స్వల్పం, మీటరుకు 0.14 మిల్లీఓములే. ప్యాకుల మధ్య కరెంటు అసమానంగా పంచుకోవడానికి అసలు కారణం కేబుళ్ల పొడవుల్లో తేడా, బోల్టు జాయింట్లు. అందుకే రెండు ప్యాకుల కేబుళ్లనూ 50 చదరపు మిల్లీమీటర్లవే, ఒకే పొడవుకు కత్తిరించాం. కేబులు చివర బిగించిన లగ్గు నేరుగా పట్టీని ఆనుకోవాలి, వాషరు దానిపైన రావాలి. స్టీలు వాషరును లగ్గుకూ పట్టీకీ మధ్య పెడితే జాయింటు వేడెక్కుతుంది.

బిగించాక కంటితో చూసి వదిలేయకండి. వంద ఆంపియర్ల లోడు ఇచ్చి, మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక మొన లగ్గు మీద, మరో మొన పట్టీ మీద ఆనించండి. వంద మిల్లీవోల్టులు చూపిస్తే ఆ జాయింటు నిరోధం ఒక మిల్లీఓము. అక్కడ పది వాట్ల వేడి పుడుతోందన్నమాట. ఇక్కడ ఒక జాయింటు 40 చూపిస్తోంది, మిగిలినవన్నీ 10 లోపే ఉన్నాయి. లోడు ఆపి, బ్రేకరు దించి, ప్యాకులను కూడా ఆఫ్ చేసి, ప్యాకు ఫ్యూజులు తీశాక ఆ బోల్టు విప్పుదాం. రాగి నల్లబడి ఉంటే గరుకు కాగితంతో రుద్ది, పొడి తుడిచి, తయారీదారు చెప్పిన టార్కుకు మళ్లీ బిగించి కొలుద్దాం.