ఇడ్లీ ధర ఐదు రూపాయలు పెరిగితే

శ్రోతలకు నమస్కారం. ఎకనామిక్స్ పేపర్లో ఒక వ్యాపారం గురించి నాలుగు వాక్యాలిచ్చి, ఇది ఏ మార్కెట్టో కారణాలతో చెప్పమంటారు. ఆ జవాబులు ఏళ్ల తరబడి దిద్దాను. పిల్లలు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. ఎంతోమంది ఒకేలాంటి సరుకు అమ్మే సంపూర్ణ పోటీకీ, ఎంతోమంది కాస్త తేడా ఉన్న సరుకులు అమ్మే ఏకస్వామ్య పోటీకీ మధ్య తికమక అది. ఇవాళ దాని గురించే చెబుతాను.

ప్రశ్న ఇలా ఉందనుకోండి. ఒక ఊళ్లో 80 టిఫిన్ హోటళ్లున్నాయి. ఒకచోట ఉప్మా పెసరట్టు బాగుంటుందంటారు, ఇంకోచోట అల్లప్పచ్చడి. ఆ పచ్చడి హోటలాయన ఇడ్లీ ప్లేటు 30 రూపాయల నుంచి 35 చేశాడు. కొందరు పక్క హోటలుకి మళ్లారు, మిగతావాళ్లు ఆయన దగ్గరే తింటున్నారు. లాభాలు చూసి ఏడాదిలో మరో పది హోటళ్లు వెలిశాయి.

80 అనే అంకె కనబడగానే పిల్లలు సంపూర్ణ పోటీ అని రాసేస్తారు. కొత్తవాళ్లు స్వేచ్ఛగా వస్తున్నారు కదా అని ఇంకో కారణం కలుపుతారు. కానీ అమ్మకందార్లు ఎక్కువమంది ఉండటం, స్వేచ్ఛా ప్రవేశం, ఈ రెండూ ఏకస్వామ్య పోటీలోనూ ఉంటాయి. దీర్ఘకాలంలో సాధారణ లాభాలే మిగలడం కూడా రెండింటికీ ఉమ్మడే. ఉమ్మడి లక్షణంతో రెండింటినీ విడదీయలేం.

మరి దేనితో విడదీయాలి? ధర పెంచితే ఏమైందన్న వాక్యంతో.

ఒక్కసారి మన గుంటూరు మిర్చి యార్డుకి రండి. తేజ రకం, ఒకే నాణ్యత, ఒకే ఆరుదల ఉన్న బస్తాలు పక్కపక్కన ఉన్నాయి. ఒక రైతు ఆ రోజు ధర మీద క్వింటాలుకి వంద రూపాయలు ఎక్కువ అడిగాడు. కొనేవాడు పక్క బస్తాల దగ్గరికి వెళ్లిపోతాడు, ఈయన బస్తా ఒక్కటీ కదలదు. తాలుకాయలు, తేమ తేడాలు ఉంటాయి కాబట్టి యార్డంతా అచ్చమైన సంపూర్ణ పోటీ అని నేననను. కానీ సరుకు ఒకేలా ఉన్నంతవరకు ఆ రైతు మార్కెట్లో ఉన్న ధరకే అమ్ముకోవాలి, అంటే ఆయన ధర స్వీకర్తే. ఆయనకెదురయ్యే డిమాండు రేఖ అడ్డంగా, సమాంతరంగా ఉంటుంది.

హోటలాయన సంగతి అది కాదు. ఐదు రూపాయలు పెంచినా కొందరు మిగిలారు. ఎందుకు మిగిలారు? ఆ పచ్చడి ఇంకోచోట దొరకదు గనక. అంటే వస్తు వైవిధ్యం ఉంది, ధర మీద ఆయనకు కొంత పట్టు ఉంది. కొందరు పోయారు, అంటే దగ్గరి ప్రత్యామ్నాయాలున్నాయి, ఆ పట్టు కొంతే. డిమాండు రేఖ కిందికి వాలుతుంది. ఇది ఏకస్వామ్య పోటీ.

జవాబులో లక్షణం పేరు రాసి ఊరుకోకండి. ప్రశ్నలో ఏ వాక్యం చూసి అలా అన్నారో పక్కనే రాయండి. తర్వాత సంపూర్ణ పోటీ ఎందుకు కాదో ఒక్క వాక్యం రాయండి. పేపరు దిద్దేటప్పుడు నేను వెతికేది ఆ వాక్యం కోసమే.

అదే ప్రశ్నలో 80కి బదులు మూడే హోటళ్లుండి, ఒకరు ధర మార్చే ముందు మిగతా ఇద్దరూ ఏం చేస్తారోనని ఆలోచిస్తున్నారని ఉంటే, అప్పుడది పరిమితస్వామ్యం. పచ్చళ్ల రుచులు వేరువేరుగా ఉన్నా సరే, జవాబు అదే.