ఆఫీసు మెయిల్‌లో ఎమోజీ: సిగ్నేచర్‌లో, సెలవు రిప్లైలో పెట్టొచ్చా?

[తెర మీద: ఒక ఆటో రిప్లై. “హాయ్! సంక్రాంతికి ఊరెళ్లాను 🪁😎 19న కలుద్దాం!”]

వాయిస్: హైదరాబాద్‌లో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగం అనుకుందాం. బిల్లులు పాస్ చేసే ఆయన జనవరి 13 నుంచి 18 దాకా సెలవు పెట్టి, వెళ్లే ముందు ఈ రిప్లై సెట్ చేశారు. పండగ హుషారులో రాసిన మాట, తప్పు పట్టడానికేమీ లేదు. ఇప్పుడు అటువైపు చూద్దాం.

[తెర మీద: వెండర్ మెయిల్. సబ్జెక్ట్: “మూడో రిమైండర్, నవంబరు బిల్లు ఇంకా పెండింగ్”]

పండగకి తన దగ్గర పనిచేసేవాళ్లకి జీతాలు ఇవ్వాల్సిన మనిషి రెండు నెలలుగా రాని డబ్బు కోసం ఈ మెయిల్ రాశారు. క్షణంలో జవాబు వచ్చింది. గాలిపటం, నల్ల కళ్లద్దాలు. జీమెయిల్ అయితే సెలవు రిప్లై ఒకే మనిషికి మళ్లీ నాలుగు రోజుల తర్వాత గానీ వెళ్లదు. అంటే 13న రాసి, జవాబు లేక 18న మళ్లీ రాస్తే, అదే గాలిపటం రెండోసారి ఎగురుకుంటూ వస్తుంది.

మన చేత్తో టైప్ చేసే మెయిల్‌లో ఎమోజీ పెట్టేముందు ఎదుటి మనిషి ఎవరు, ఏ సంగతి మీద రాస్తున్నారు అని చూసుకుంటాం. ఆటో రిప్లైకి, సిగ్నేచర్‌కి ఆ చూపు లేదు. ఫిర్యాదుకీ, రాజీనామాకీ, ఇంట్లో ఎవరో పోయారని చెప్పే మెయిల్‌కీ ఒకే ముఖంతో వెళ్తాయి. అందుకే ఎమోజీ మర్యాదా కాదా అన్న వాదన కంటే, దాన్ని ఎప్పుడు, ఎవరికి పంపాలన్నది మన చేతుల్లో ఉందా లేదా అన్నదే ఇక్కడ అసలు విషయం.

[తెర మీద: 2017]

మొదటి పరిచయం సంగతి ఇంకాస్త సున్నితం. 2017లో గ్లిక్సన్, చెషిన్, వాన్ క్లీఫ్ అనే ముగ్గురు పరిశోధకులు దీని మీద చేసిన ప్రయోగాలను ప్రచురించారు. ముఖపరిచయం లేనివాళ్లు రాసిన ఆఫీసు మెయిల్‌లో స్మైలీ ఉంటే, చదివినవాళ్లకి ఆ మనిషి మీద ఆప్యాయత పెరగలేదు. పైగా పనిలో సమర్థత తక్కువేమో అనిపించింది. ఎదురుగా నవ్వే నవ్వు చేసే పని స్మైలీ చెయ్యలేదన్నమాట. సందర్భం లాంఛనంగా లేనప్పుడు మాత్రం ఆ తేడా కనిపించలేదు. సెలవు రిప్లై అందుకునేవాళ్లలో మిమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్లు తప్పకుండా ఉంటారు.

[తెర మీద: ఎడమవైపు 🪁, కుడివైపు ఖాళీ డబ్బా]

ఇంకో చిక్కు ఉంది. ఎమోజీ బొమ్మగా ప్రయాణించదు. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో దానికీ ఒక నంబరు ఉంటుంది, మెయిల్‌లో వెళ్లేది ఆ నంబరే. గాలిపటానిది U+1FA81. అందుకున్న పరికరం తన దగ్గరున్న ఫాంట్‌తో ఆ బొమ్మ గీసుకుంటుంది. గాలిపటం 2019లో చేరిన ఎమోజీ. అంతకు ముందటి సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్న ఫోన్‌లో, కంప్యూటర్‌లో దాని చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. మీ తెర మీద బాగానే ఉంది కాబట్టి మీకు ఆ సంగతే తెలియదు.

కంపెనీ మెయిల్ నేరుగా, ఫిర్యాదులను టికెట్లుగా నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తే మరో రకం తేడా వస్తుంది. ఆ యూనికోడ్ నంబర్లను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తయినా ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది, ఈ ఎమోజీలు 4 తీసుకుంటాయి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో `utf8` అని పెట్టిన పాత డేటాబేస్ అక్షరానికి 3 బైట్లకు మించి దాచుకోలేదు. `utf8mb4` ఉంటేనే నాలుగూ పడతాయి. అందుకే అక్కడ తెలుగు చక్కగా కనిపిస్తూ, ఎమోజీ చోట ప్రశ్నార్థకాలు వస్తాయి. ఒక్కోసారి ఎమోజీ దగ్గర నుంచి మిగతా వాక్యమే తెగిపోతుంది, లేదా మెయిల్ మొత్తం నమోదు కాకుండా ఆగిపోతుంది.

[తెర మీద: “ధన్యవాదాలు J”]

మెయిల్ చివర ఒంటరిగా ఈ J కనిపిస్తే అది ఎవరి ఇనిషియలూ కాదు. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో :) అని కొడితే, ఆటోకరెక్ట్ దాన్ని వింగ్‌డింగ్స్ ఫాంట్‌లోని J గా మార్చేస్తుంది. ఆ ఫాంట్‌లో J అంటే నవ్వు ముఖం. ఫాంట్ లేనిచోట, లేదా మెయిల్ ప్లెయిన్ టెక్స్ట్‌గా తెరుచుకున్నచోట ఉత్త J మిగులుతుంది. దీన్ని ఆపాలంటే File > Options > Mail > Editor Options > Proofing > AutoCorrect Options కి వెళ్లి, జాబితాలో :) వరసని తీసేయండి.

[తెర మీద: ఎనిమిది జవాబులున్న ఒక మెయిల్ వరస, ప్రతి సిగ్నేచర్‌లో 🙏]

ఇక సిగ్నేచర్. మన దగ్గర 🙏 అంటే నమస్కారం, ఎవరికీ అనుమానం రాదు. బయటి దేశాల్లో కొందరు దాన్ని ప్రార్థన అనుకుంటారు, ఇద్దరు చేతులు చరుచుకున్నట్టు చూసేవాళ్లూ ఉన్నారు. అంతకంటే పట్టించుకోవాల్సింది చూపు లేని సహోద్యోగి గురించి. స్క్రీన్ రీడర్ ఎమోజీని దాని పేరుతో చదువుతుంది. ఎనిమిది జవాబుల వరసలో ఎనిమిదిసార్లు “ఫోల్డెడ్ హ్యాండ్స్” అని వినాలి. ఫోన్ నంబరు ముందు 📞 పెట్టేవాళ్లు చాలామందే. అక్కడ “ఫోన్” అన్న మాట రాస్తే ఏ పరికరంలోనైనా కనిపిస్తుంది, ఎవరికైనా వినిపిస్తుంది. కాబట్టి సిగ్నేచర్‌లో ఎమోజీ వద్దనే మా సలహా. నమస్కారం పెట్టాలనిపిస్తే ఆ మాటనే రాయండి. మన మెయిళ్లలో అది ఎంత బాగుంటుందో!

సెలవు రిప్లైలో మాత్రం కాస్త వెసులుబాటు ఉంది. కొత్త అవుట్‌లుక్‌లో Settings > Accounts > Automatic replies తెరవండి. తేదీలు ఇచ్చాక, సొంత సంస్థవాళ్లకి ఒక జవాబు, బయటివాళ్లకి వేరే జవాబు రాసుకోవచ్చు. రెండోదానికి Send replies outside your organization టిక్ చేయాలి. టీమ్‌లో అందరూ ఎమోజీలు వాడేవాళ్లే అయితే లోపలి జవాబులో ఒక్క గాలిపటం ఉండనివ్వండి. అదీ వాక్యం చివర, మాట బదులుగా కాకుండా. బయటి జవాబులో ఏదీ వద్దు. జీమెయిల్‌లో Settings > See all settings > General లో అడుగున Vacation responder ఉంటుంది. అక్కడ రాసుకోవడానికి ఉన్నది ఒకే పెట్టె కాబట్టి, బయటివాళ్లకి రాసినట్టే రాయండి.

[తెర మీద: మార్చిన రిప్లై]

“నమస్కారం. సంక్రాంతి సెలవుల వల్ల జనవరి 13 నుంచి 18 వరకు ఆఫీసులో ఉండను. 19న మీ మెయిల్ చూస్తాను. పెండింగ్ బిల్లుల కోసం అకౌంట్స్ విభాగం మెయిల్‌కి, బిల్లు నంబరు సబ్జెక్ట్‌లో పెట్టి రాయండి. ఈ రోజుల్లో వాటిని అక్కడ చూస్తారు.”

పాత రిప్లైలో 19 అన్నది ఏ నెలో కూడా లేదు. మూడో రిమైండర్ రాసిన వెండర్‌కి ఇప్పుడు ఒక దారి దొరికింది. పండగ పేరు చెప్పడం వల్ల పలకరింపు చల్లబడలేదు కూడా. సంక్రాంతి తెలియని విదేశీ క్లయింట్‌కైనా తేదీలు అర్థమవుతాయి. నెలని అంకెలో కాకుండా పేరుతో రాయడం అందుకే, 2/3 అంటే అమెరికాలో ఫిబ్రవరి 3 అవుతుంది.

[తెర మీద: పాత ఫోన్, దానిలో తెరిచిన రిప్లై]

సెలవుకి బయల్దేరే ముందు రిప్లై ఆన్ చేసి, మీ సొంత మెయిల్ నుంచి ఆఫీసు మెయిల్‌కి ఒక ఫిర్యాదు రాసి పంపండి. కోపంగానే రాయండి. వచ్చిన జవాబుని ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోన్‌లో తెరిచి, ఆ ఫిర్యాదు కిందే పెట్టి చదవండి.