పెద్దమ్మ చెప్పని నొప్పి

అధ్యక్షులవారికీ, అధ్యాపక మిత్రులకూ, పిల్లలకూ నమస్కారం. ఉపయోగితావాదాన్ని పరిచయం చేయమన్నారు. చేస్తాను. కానీ అందులో నన్ను ఏళ్ల తరబడి వదలని చిక్కు ఒకటుంది. దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఈ వాదానికి పునాది వేసిన ఇంగ్లీషు తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1789లో వెలువడిన పుస్తకంలో చెప్పింది ఇది: ఒక పని మంచిదో కాదో తేలాలంటే, దానివల్ల ఎవరెవరికి ఎంత సుఖం, ఎంత బాధ కలుగుతాయో కూడి చూడాలి. ఎవరి సుఖమైనా సుఖమే, ఎవరికీ ఎక్కువ తూకం లేదు. ఈ మాట నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ కూడాలంటే ఒకే కొలత ఉండాలి కదా? బియ్యానికి కిలో ఉంది. మీ నొప్పినీ నా నొప్పినీ తూచే తక్కెడ ఏది?

ఆర్థికవేత్త లయనెల్ రాబిన్స్ 1938లో ఒక కథ గుర్తు చేసుకున్నాడు. మన దేశంలోనే ఒక అధికారి ఒక బ్రాహ్మణుడికి బెంథామ్ సిద్ధాంతం వివరించబోతే, ఆయన అక్కడున్న అంటరానివాణ్ణి చూపించి, 'వాడికన్నా పది రెట్లు సుఖపడే శక్తి నాకుంది' అన్నాడట. రాబిన్స్‌కి ఆ మాట నచ్చలేదు. అయినా అది తప్పని రుజువు చేసే కొలత తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. మనుషులంతా సమానంగా సుఖపడగలరన్నది కొలిచి తేల్చింది కాదు, మనం తీసుకున్న నిర్ణయం.

పది రెట్లు అడిగినవాడి సంగతి అది. అసలేమీ అడగనివాళ్ల సంగతి?

బెంగాల్ కరువు మరుసటి ఏడు, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఆరోగ్య సర్వే చేశారు. దాన్ని మనందరి ముందుకు తెచ్చినవాడు అమర్త్య సేన్. ఒంట్లో బాగాలేదనో, అంతంతమాత్రమనో చెప్పినవాళ్లు భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం. భర్త పోయిన ఆడవాళ్లలో 2.5 శాతం. ఆ రోజుల్లో ఆ ఆడవాళ్ల తిండి, వైద్యం ఎలా ఉండేవో మీరే ఊహించుకోండి. చెప్పినదాన్నే కొలతగా తీసుకుని మందులు పంచితే, నూరుమంది మగవాళ్లలో నలభై ఎనిమిది మంది వరుసలో ఉంటారు, నూరుమంది ఆడవాళ్లలో ఇద్దరో ముగ్గురో.

ఈ అంకె చదివినప్పుడల్లా మా పెద్దమ్మ గుర్తొస్తుంది. ఇరవై ఆరేళ్లకే పెదనాన్న పోయాడు. ఎప్పుడడిగినా 'నాకేంరా, బాగానే ఉన్నా' అనేది. మోకాళ్లు వాచి, గోడ పట్టుకుని నడిచేది. పక్కింటి తాతకి తుమ్మొస్తే వీధంతా తెలిసేది. పెద్దమ్మది అబద్ధం కాదు. తనకి ఇంతకన్నా దక్కుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు, అంతే.

అమ్మా, వెనక వరుసలో కూర్చున్న పిల్లలూ, రేపు మీలో ఎవరో ఒకరు సర్వే కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. 'సుఖంగా ఉన్నారా, పదికి ఎన్ని మార్కులు?' అని అడుగుతారు. అడగండి. కానీ ఆమె నడిచేటప్పుడు కూడా చూడండి, రాత్రి ఏం తిన్నదో కూడా రాయండి. అలా రాసింది సుఖం కొలత కాదని నాకు తెలుసు, అది ఇంకో లెక్క. మా పెద్దమ్మ ఆ లెక్కలో అయినా కనిపిస్తుంది.