పాట సిరివెన్నెలది, పంపింది మనం

అందరికీ నమస్కారం.

నచ్చిన మనిషి దగ్గర సినిమా డైలాగు కొట్టొచ్చా, పాట లైను పంపొచ్చా అని కుర్రవాళ్లు అడుగుతుంటారు. వద్దనడానికి నేనెవర్ని? 1989లో 'గీతాంజలి' వచ్చాక 'లేచిపోదామా' అన్న ఒక్క మాట ఎన్ని కాలేజీ క్యాంటీన్లలో తిరిగిందో నా వయసు వాళ్లకి తెలుసు. తిరిగిన చోటల్లా పనిచేయలేదు. ఒకరు అంటే అమ్మాయి పడీపడీ నవ్వేది, ఇంకొకరు అంటే వాచీ చూసుకునేది. మాట ఒకటే కదా, ఆ తేడా ఎక్కడిది? ఈ పూట ఒకే ఒక్క లైను తీసుకుని చూద్దాం.

'సామజవరగమన' పాట. 'అల వైకుంఠపురములో' సినిమా 2020 సంక్రాంతికి వచ్చింది, పాట మాత్రం 2019లోనే ఊరంతా మోగిపోయింది. తమన్ బాణీ, సిద్ శ్రీరామ్ గొంతు, సిరివెన్నెల సాహిత్యం. 'నీ కాళ్లను పట్టుకు వదలనన్నవి చూడే నా కళ్లు' అని మొదలవుతుంది. వాట్సాప్ స్టేటస్‌లో ఈ ముక్క పెట్టనివాడు ఆ ఏడాది అరుదు.

నాకు తెలిసిన ఒకబ్బాయి పెళ్లిచూపులయ్యాక, అటూ ఇటూ పెద్దవాళ్లు 'మాట్లాడుకోండి' అని నంబర్లు ఇచ్చాక, ఈ లైనే అమ్మాయికి పంపాడు. ఇతను హైదరాబాద్, ఆవిడ వైజాగ్. అప్పటికి వారం నుంచి 'తిన్నారా', 'ఆఫీసు అయిందా' అని మర్యాదగా నడుస్తోంది. లైను వెళ్లింది. కాసేపటికి జవాబు వచ్చింది: 'సిద్ శ్రీరామ్ వాయిస్ సూపర్ కదండీ.'

పాపం అతను దాన్ని విజయమనుకున్నాడు. కాదు. ఆవిడ పాటకి జవాబిచ్చింది, అతనికి ఇవ్వలేదు. అరువు మాట అరువుగానే ఉండిపోయిందని తెలిసేది ఇలాగే. ఎదుటివాళ్లు హీరో గురించో, గాయకుడి గురించో, ఆ సినిమా ఏ థియేటర్లో చూశారో మాట్లాడితే మీ లైను ఇంకా సినిమాలోనే ఉంది. మీ గురించో, తమ గురించో ఏదైనా అంటే అప్పుడది మీ ఇద్దరి మధ్యకి వచ్చింది.

ఎందుకలా అయింది? లైను మళ్లీ చదవండి. 'నీ కాళ్లను', 'చూడే'. ఇద్దరూ 'మీరు' దగ్గర ఉన్నారు. 'నువ్వు' అనొచ్చా అని అతను అడగనూ లేదు, ఆవిడ అననూ లేదు. పాట మాత్రం 'నువ్వు' దాటి ఏకంగా 'ఏ' దగ్గరికి వెళ్లిపోయింది. తెలుగు ప్రేమపాటలు చాలావరకు 'నువ్వు'లోనే ఉంటాయి. పాడేవాడు అప్పటికే ఆ చనువు తీసుకున్నవాడు. మీరింకా తీసుకోలేదు. వినేవాళ్లకి కారణం ఇదని తోచకపోవచ్చు, ఏదో ఎబ్బెట్టుగా మాత్రం ఉంటుంది.

రెండోది సందర్భం. సినిమాలో హీరోయిన్ హీరోకి బాస్. అతను ఆమె కాళ్లవైపే చూడటం కథలో కామెడీ. అది కొందరికి నచ్చింది, కొందరికి చిరాకు తెప్పించింది. నేను రెండో జట్టు. లైను పంపినప్పుడు ఆ సీను కూడా వెంట వెళుతుంది. ఇదే మాట నిజం ఆఫీసులో మీ టీమ్ లీడ్‌తో అంటే 'పాటే కదండీ' అన్న సంజాయిషీ నిలవదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి ఉద్యోగులున్న ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండి తీరాలి, ఫిర్యాదు వెళ్లేది అక్కడికే.

మళ్లీ మన అబ్బాయి దగ్గరికి వద్దాం. రెండు రోజులాగి అదే లైను మార్చి పంపాడు: 'మీ కాళ్లను పట్టుకు వదలనన్నవి చూడండీ నా కళ్లు.' బాణీ విరిగిపోయింది. పాడి చూడండి, నాలుక మడతపడుతుంది. వెంటనే ఆవిడ: 'ఇంత మర్యాదగా కాళ్లు పట్టుకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా.' తర్వాత చాలాసేపు ఇద్దరూ కనబడిన పాటనల్లా 'అండీ'లోకి మార్చుకుంటూ కూర్చున్నారట.

రెండోసారి అతను చేసింది చిన్న పనే. తామిద్దరూ ఉన్న స్థితిని, ఆ 'మీరు' ఇబ్బందిని, పాటలోకి తెచ్చాడు. ఆవిడ పట్టుకోవడానికి అందులో ఒక కొస దొరికింది. మొదటిసారి పంపిన లైను దానికదే పూర్తయిపోయిన వాక్యం, బాగుందనడం తప్ప ఎవరైనా ఏమంటారు?

అవధానంలో సమస్యాపూరణం చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. చివరి పాదం పృచ్ఛకుడిస్తాడు. అది అరువే, సభలో అందరికీ తెలుసు, ఎవరూ తప్పుపట్టరు. మిగతా మూడు పాదాల్లో అవధాని ఏం కట్టాడన్నదే చూస్తారు.

అసలు ఆ పాట సంగతే చూడండి. 'సామజవరగమన' త్యాగరాజస్వామి హిందోళ రాగ కీర్తన, పిలుపు కృష్ణుడికి. 1980లో 'శంకరాభరణం'లో ఆ కీర్తన పక్కనే వేటూరి ప్రేమికుల చరణాలు రాశారు. నలభై ఏళ్లకి సిరివెన్నెల ఆ ఒక్క పిలుపే తీసుకుని ఒక ఆధునిక అమ్మాయికి అంటించారు. అరువు మీద అరువు. అయినా వేటూరిని గానీ సిరివెన్నెలని గానీ కాపీ అన్నవాళ్లు నాకు కనబడలేదు.

డైలాగుల్లో ఇంకో చిక్కుంది. 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి భానుమతి 'ఒక్కటే పీస్' అంటుంది తన గురించి తనే. అందులో పొగరుంది, ఆ పొగరే అందం. ఒక అబ్బాయి అదే మాట అమ్మాయితో 'నువ్వు ఒక్కటే పీస్' అంటే పొగరు పోతుంది, 'పీస్' మిగులుతుంది. పైగా కొందరు దానికి తమది కాని తెలంగాణ యాస కూడా తగిలిస్తారు. బాన్సువాడ అమ్మాయి ముందు అది చేయకండి, దండం పెడతాను.

పాట వాడేవాళ్లు ఒప్పుకోని విషయం ఒకటుంది. లైను వెనక దాక్కోవచ్చు. ఆవిడ నవ్వితే 'నీకోసమే', మొహం మాడ్చుకుంటే 'ఊరికే పాడుకుంటున్నా'. బిడియస్తులకి ఆ చాటు అవసరమే, నేను కాదనను. బస్టాపులో అమ్మాయి వెనక నిలబడి పాడేవాడు వాడుకునేదీ సరిగ్గా ఆ చాటునే. తేడా ఒక్కచోట తెలుస్తుంది: జవాబు రానప్పుడు మీరేం చేశారు? పాట ఆపేశారా, ఇంకో పాట ఎత్తుకున్నారా?

'ఆర్య'లో 'ఫీల్ మై లవ్' పాట ఇక్కడే ఇబ్బంది పెడుతుంది. కోపంగానో, ద్వేషంగానో, శాపంగానో, ఎలాగైనా సరే ఫీల్ అవ్వమంటాడు. ఆమె ఏమన్నా అది అవుననే లెక్క. చంద్రబోస్ రాసిన తీరు గొప్పదే, తెర మీద ఆ పిచ్చితనం నడిచింది. 2004లో నేనూ దాన్ని హమ్ చేశాను. ఇప్పుడే పరిచయమైన మనిషికి దాన్ని పంపితే ఆవిడ 'వద్దు' అనడానికి చోటు ఉండదు. అలాంటి లైనుకి అండీలు తగిలించినా లాభం లేదు, పంపకపోవడమే మేలు.

నాకు తెలిసింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి. 'మా ఫ్రెండ్ ఒకడున్నాడు' అని మొదలుపెట్టినా పర్లేదు, ఏ పాట పంపాడో మాత్రం చెప్పండి.